37 దీపాల ముగ్గు: ఎడం ఎంత, నూనె ఎంత

కార్తీక పౌర్ణమి సాయంత్రం వాకిట్లో దీపాలు గుండ్రంగా పేరుస్తాం. వెలిగించిన పది నిమిషాలు కన్నులపండువగా ఉంటుంది. ముప్పావుగంట పోయాక మళ్లీ బయటికొచ్చి చూస్తే ఒక పక్క నాలుగు దీపాలు ఒకదాన్నొకటి రాసుకుంటున్నట్టు మండుతుంటాయి, ఇంకో పక్క పెద్ద చీకటి గండి కనిపిస్తుంది, నడిమధ్య రెండు కొడిగట్టి పొగ చిమ్ముతుంటాయి. మొదటి ఏడాది మా వాకిట్లో అచ్చం ఇలాగే అయింది. 50 ప్రమిదలు, లీటరు నూనె పెట్టాను. ప్రమిదలు కంటికి తోచినట్టు సర్దాను, నూనె డబ్బాతోనే వంచేశాను.

మరుసటి ఏడాది నేను మళ్లీ ప్రమిదలు పట్టుకుని నేల మీద దిక్కులు చూస్తుంటే మా అత్తయ్య ముగ్గుగిన్నె తెచ్చి చేతికిచ్చింది. ‘‘దీపం ఎక్కడ పెట్టాలా అని వెతుక్కుంటావేమే? ముందు చుక్కలు పెట్టు, చుక్క మీద దీపం పెట్టు’’ అంది. ఆ ఒక్క మాటతో ఎడం సంగతి తేలిపోయింది. నూనె సంగతి తేలడానికి మాత్రం ఇంకో రెండేళ్లు పట్టింది. ఈ రెండూ కలిపి, తొలిసారి పేర్చేవాళ్లకు పనికొచ్చేలా, 37 దీపాల ముగ్గు ఒకటి మొదటి నుంచి చివరిదాకా చెబుతాను. అది వస్తే వరుసలూ, స్వస్తికలూ వాటంతటవే వస్తాయి.

ముందుగా: ప్రమిదలు, వత్తులు

ప్రమిదలన్నీ ఒకే కుమ్మరి దగ్గర, ఒకే కొలతవి తీసుకోండి. ఇది అందం కోసం చెప్పడం లేదు. లోతు ఎక్కువ, వెడల్పు తక్కువ ఉన్న ప్రమిదలో నూనె మట్టం త్వరగా కిందికి దిగిపోతుంది. వెడల్పాటి దాంట్లో అంతే నూనె కాలినా మట్టం కాస్తే దిగుతుంది. వత్తి నూనెను దూదిపోగుల గుండా పైకి పీల్చుకుంటుంది కాబట్టి మట్టం దిగిన కొద్దీ ఎక్కువ ఎత్తుకు లాగాలి, మంటకు అందే నూనె తగ్గుతుంది, వెలుగు మందగిస్తుంది. రెండు రకాల ప్రమిదలు కలిపి పేరిస్తే మొదట్లో తేడా తెలియదు, గంట గడిచాక తెలుస్తుంది. నేను వాడేవి అంచు నుంచి అంచుకు 7 సెంటీమీటర్లు, అంటే దాదాపు బెత్తెడు వెడల్పు ఉంటాయి. ఇక్కడ చెప్పే లెక్కలన్నీ ఆ ప్రమిదలవే.

కొత్త ప్రమిద నూనె తాగుతుంది. మట్టి సన్న రంధ్రాల్లోకి నూనె ఇంకి, అడుగున చెమ్మలా పైకి వస్తుంది. ముగ్గుపిండి జిడ్డుగా నల్లబడుతుంది, నేల మీద మరక పడుతుంది, లెక్క ప్రకారం పోసిన నూనె లెక్క తప్పుతుంది. అందుకే వెలిగించే రోజు పొద్దున్నే వాటిని బకెట్టు నీళ్లలో ముంచాలి. వేసిన వెంటనే చిన్న చిన్న బుడగలు వస్తాయి. మట్టిలోని గాలి వెళ్లి ఆ చోటుకు నీళ్లు చేరుతున్నాయన్నమాట. బుడగలు ఆగిపోయాక కూడా నాలుగైదు గంటలు ఉంచి, మధ్యాహ్నం తీసి, పొడిగుడ్డతో లోపల తుడిచి, నీడలో బోర్లించండి. చాలామంది ఎర్రటి ఎండలో రెండు రోజులు ఆరబెడతారు. అలా చేస్తే దుమ్ము పోతుందే తప్ప మట్టి మళ్లీ పొడిబారి నూనె తాగడానికి సిద్ధమవుతుంది. అలాగని లోపల తడి ఉండగానే నూనె పోస్తే వత్తి చిటపటలాడుతుంది. వేలితో లోపల రాస్తే చల్లగా తగలాలి, వేలికి తడి అంటకూడదు. ఆ మాత్రం ఆరితే చాలు. వీలైతే మన పద్ధతిలో ఒక ప్రమిదలో ఇంకో ప్రమిద పెట్టి వెలిగించండి. ఊరే నూనె కింది ప్రమిదలో ఆగుతుంది, ముగ్గు చెడదు.

వత్తుల్లో పువ్వొత్తి, పొడవు వత్తి అని మనకు రెండు రకాలు. పువ్వొత్తి ప్రమిద నడిమధ్యన నిలబడుతుంది, పొడవు వత్తి మూతి దగ్గర మండుతుంది. ఏది వాడినా 37 ప్రమిదల్లోనూ అదే వాడాలి. ఈ ముగ్గుకు నేను పొడవు వత్తులే వాడతాను, ఎందుకంటే మధ్యలో కొసను ఈనెపుల్లతో సరిచేసుకోవచ్చు. రెండేసి వత్తులు కలిపి నలిపి ఒకటి చేయండి, లావు ఒకేలా వస్తుంది. వత్తులన్నీ ఒక గిన్నెలో నూనె పోసి అరగంట ముందే నాననివ్వండి. పొడి కొస అంటిస్తే నూనె పైకి ఎక్కేలోపు దూదే కాలిపోయి నల్లని ముద్ద కడుతుంది. అలాంటి దీపం ఆ రాత్రంతా మిగతావాటికంటే చిన్నగానే ఉంటుంది. మూతి బయటికి వచ్చే కొస అన్నింటికీ అర సెంటీమీటరు ఉండాలి, అంటే చిటికెనవేలి గోరులో సగం. ఒక సెంటీమీటరు దాటితే మంట పెద్దదై పొగ వస్తుంది, నూనె కూడా త్వరగా అయిపోతుంది.

నూనె కొలత మీ ప్రమిదనే అడగండి

నువ్వుల నూనె తీసుకోండి. కొబ్బరి నూనె కార్తీకపు చలిలో గడ్డకడుతుంది. ఆముదం చిక్కన, వత్తిలో నెమ్మదిగా ఎక్కుతుంది, అందుకే దాని మంట చిన్నగా చాలాసేపు ఉంటుంది. ఒక్క దీపానికైతే అది మంచి గుణమే. ముగ్గులో సగం ప్రమిదలకు ఒక నూనె, సగానికి ఇంకోటి పోస్తే మాత్రం వెలుగు రెండు రకాలుగా చీలిపోతుంది. నూనె చాలదనిపిస్తే దీపాలు తగ్గించండి, వేరే నూనె కలపొద్దు.

ఎంత పోయాలనేది పుస్తకం చూసి చెప్పేది కాదు. వత్తి లావును బట్టి, గాలిని బట్టి మారుతుంది. కాబట్టి ముందు రోజు రాత్రి మూడు ప్రమిదలతో ఒక పరీక్ష చేయండి. దగ్గు మందు సీసాతో వచ్చే కొలత మూత తీసుకుని ఒకదాంట్లో 5 మిల్లీలీటర్లు, ఒకదాంట్లో 10, ఒకదాంట్లో 15 పోసి ఒకేసారి వెలిగించండి. ఆరిపోయే సమయం రాసుకోవద్దు. మంట మొదట్లో ఉన్న ఎత్తులో సగానికి ఎప్పుడు పడిందో ఆ సమయం రాసుకోండి. మనకు కావాల్సింది అదే. దీపం చచ్చీచెడీ ఇంకో అరగంట లాగినా, ఆ అరగంట ముగ్గులో అది చీకటి గండే.

మా ప్రమిదల్లో, నేను చేసే వత్తితో, గంటకు ఇంచుమించు 5 మిల్లీలీటర్లు, అంటే ఒక చిన్న చెంచాడు కాలుతుంది. అలాగని రెండు గంటలకు 10 పోస్తే సరిపోదు. చివరి మూడో వంతు నూనె ప్రమిద అడుగున ఉండి వత్తికి అందుతుంది కానీ నిండు వెలుగుకు సరిపడా అందదు. అందుకే రెండు గంటల నిండు వెలుగు కావాలంటే 15 పోస్తాను. 37 ప్రమిదలకు 555 మిల్లీలీటర్లు. వత్తులు తడపడానికి, మట్టి తాగేదానికి ఇంకో 70, 80 కలుపుకుంటే 630 దాకా అవుతుంది. మొదటి ఏడాది నేను తగలేసిన లీటరుతో పోలిస్తే ఇది మూడింట రెండొంతులకు తక్కువే. నిండా పోస్తే బాగా వెలుగుతుందని అప్పుడు అనుకునేదాన్ని. అంచుదాకా పోస్తే నూనె మూతి వెంట కారి, కారినదానికి మంట అంటుకుని, ప్రమిద మూతి మొత్తం మండుతుంది. పోశాక అంచుకు అర సెంటీమీటరు ఖాళీ మిగలాలి. ప్రమిద చిన్నదై 15 పట్టకపోతే సమయం తగ్గించుకోండి, మట్టం పెంచొద్దు.

చుక్కలు పెట్టడం

ముగ్గు పుస్తకాల్లో 7 చుక్కలు, సందు చుక్క, 4 వరకు అని ఉంటుంది కదా, మనకు కావాల్సింది అదే. నడుమ వరుసలో 7, దాని పైనా కిందా సందుల్లో 6, తర్వాత 5, తర్వాత 4. మొత్తం 37. ఈ పేర్పులో ఏ చుక్కకైనా చుట్టూ ఉన్న చుక్కలు ఒకే దూరంలో ఉంటాయి. వెలుగు సమంగా పరుచుకోవడానికి ఇంతకంటే మంచి పేర్పు నాకు తెలియదు. ఎదురు చుక్కలు, అంటే గళ్లలా నిలువుగా, అడ్డంగా పెట్టేవి అలా కావు. వాటిలో పక్క చుక్క 20 సెంటీమీటర్ల దూరంలో ఉంటే మూల చుక్క 28 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. వాటి మీద ఏటవాలు గీత గీస్తే ఆ గీతలో దీపాలు పలచబడి కనిపిస్తాయి.

దీపానికీ దీపానికీ ఎడం 20 సెంటీమీటర్లు పెట్టుకుందాం. పెద్దలు ఒక జాన అనేవాళ్లు, అది 22, 23 దాకా వస్తుంది. ఆ లెక్కా బాగానే ఉంటుంది, కాకపోతే ఒక్కో చేతి జాన ఒక్కోలా ఉంటుంది, ఇద్దరు కలిసి పెడితే తేడా వస్తుంది. కొబ్బరి చీపురు నుంచి రెండు ఈనెపుల్లలు తీసి, రెండింటినీ సరిగ్గా 20 సెంటీమీటర్లకు విరుచుకోండి. ఇక టేపు అక్కర్లేదు.

వాకిలి ఊడ్చి, నీళ్లు చల్లి ఆరాక, చోటు మధ్యలో మొదటి చుక్క పెట్టండి. దానికి అటు మూడు, ఇటు మూడు పుల్ల కొలతతో పెడితే నడుమ వరుస అయిపోతుంది. వరుస తిన్నగా రావడానికి ముందే ఒక పురికొస సాగదీసి పట్టుకోవాలి, కన్ను మోసం చేస్తుంది. పై వరుస కోసం పక్కపక్కనే ఉన్న రెండు చుక్కల మీద చెరొక పుల్ల కొస ఆనించి, పై కొసలు రెండూ కలిసేదాకా వంచండి. అవి కలిసిన చోటే సందు చుక్క. వరుసకీ వరుసకీ మధ్య దూరం 17 సెంటీమీటర్ల చిల్లర అని లెక్కగట్టే పని లేదు, పుల్లలే చెబుతాయి. ఇలా పైకి మూడు వరుసలు, కిందికి మూడు వరుసలు. మొత్తం పెట్టాక చూస్తే ఆరు మూలల ఆకారం వస్తుంది. ఒక మూల నుంచి ఎదురు మూలకు 120 సెంటీమీటర్లు. చుట్టూ నిలబడటానికి, నడవడానికి కలుపుకుంటే రెండున్నర మీటర్ల చదరపు చోటు ఉండాలి. అంత లేకపోతే 5 చుక్కలు 3 వరకు పెట్టండి, 19 దీపాలతో అయిపోతుంది.

ఇప్పుడు దీన్ని వలయాలుగా మార్చడం చూడండి. నడిమి చుక్క ఒకటి. దాన్ని ఆనుకుని 6, వాటి చుట్టూ 12, ఆ బయట 18. వలయం పెద్దదైన కొద్దీ ఆరేసి చుక్కలు పెరుగుతాయి. మొదటి ఆరూ అప్పటికే గుండ్రంగా ఉంటాయి. రెండో వలయంలో ఆరు మూల చుక్కలు కేంద్రం నుంచి 40 సెంటీమీటర్లలో ఉంటాయి, వాటి మధ్యవి కొంచెం లోపలికి ఉంటాయి. పురికొసను నడిమి చుక్క దగ్గర ఒక వేలితో నొక్కి, 40 దగ్గర ముడి వేసి చుట్టూ తిప్పండి. లోపలికి ఉన్న ఆరు చుక్కల్ని తిన్నగా బయటికి, ముడి దాకా జరపండి. ఐదు సెంటీమీటర్లకు కాస్త ఎక్కువ జరుగుతాయి. బయటి వలయానికి 60 దగ్గర ముడి. అక్కడ 12 చుక్కలు ఏడేసి సెంటీమీటర్లు జరుగుతాయి. అంతే, మూడు వలయాలు సిద్ధం. వలయంలో పక్క దీపానికీ 20కి కొంచెం అటూ ఇటూ, పై వలయానికీ 20. వృత్తాన్ని 18 భాగాలు చేయడానికి కోణమాని కోసం వెతుక్కునే వాళ్లను చూశాను. చుక్కలు పెట్టడం తెలిసిన చేతికి దానితో పని లేదు.

జరపకుండా వదిలేస్తే షట్కోణం ముగ్గు, జరిపితే చక్రం ముగ్గు. రెండూ అందమైనవే. వీధి నుంచి పక్కవాటుగా చూసేవాళ్లకు చక్రం బాగుంటుంది. మేడ మీంచి చూసేవాళ్లకు మూలలున్న ఆకారం స్పష్టంగా తెలుస్తుంది.

మూతి ఎటు తిప్పాలి

ఇక్కడే చాలామంది లెక్క తప్పేది. మనం కొలిచింది ప్రమిదకూ ప్రమిదకూ మధ్య, వెలిగేది మాత్రం మూతి దగ్గరి మంట. 7 సెంటీమీటర్ల ప్రమిదలో మూతి మధ్య నుంచి మూడున్నర సెంటీమీటర్లు పక్కకు ఉంటుంది. రెండో వలయంలో మూతులు లోపలికి, మూడో వలయంలో బయటికి తిప్పితే ఆ రెండు వలయాల మంటల మధ్య దూరం 20 కాదు, 27 అవుతుంది. నల్లని పట్టీ ఒకటి కనిపిస్తుంది. ఎదురెదురుగా తిప్పితే 13కి వచ్చేస్తుంది, అక్కడ వెలుగు ముద్దకడుతుంది. అన్ని వలయాల్లోనూ మూతులు బయటికే ఉంటే వలయాలన్నీ సమంగా పెరుగుతాయి, ఎడం చెడదు. నడిమి దీపానికి బయట, లోపల అంటూ లేవు కాబట్టి దాంట్లో మాత్రం పువ్వొత్తి వేస్తాను. కాస్త పెద్ద ప్రమిద అయితే ఇంకా నిండుగా ఉంటుంది. ఒకే రకం వత్తి అన్న నియమానికి ఇదొక్కటే మినహాయింపు.

మంటకూ మంటకూ 10 సెంటీమీటర్ల కంటే దగ్గర పెట్టకండి. దగ్గరగా ఉన్న మంటలు చుట్టూ ఉన్న గాలి కోసం పోటీపడి ఒకదానివైపు ఒకటి వంగుతాయి, కొసలు పొడవై పొగ వస్తుంది. ఆ వేడికి నూనె కూడా త్వరగా కరిగిపోయినట్టు తగ్గిపోతుంది. ఎక్కువ దీపాలు పెడితే ఎక్కువ వెలుగు అనుకుని గుమిగూడిస్తే, మధ్యవి ముందే ఆరిపోయి బయటివి మిగులుతాయి.

ప్రమిద పెట్టాక నేల వాలు చూసుకోండి. వాన నీళ్లు గేటు వైపు పోవాలని మన వాకిళ్లన్నీ అటు వాలుగా కడతారు. వాలు పక్కకు మూతి ఉన్న ప్రమిదలో నూనె మూతి దగ్గరికి చేరి కారుతుంది, ఎదురు పక్క ఉన్నదాంట్లో నూనె వెనక్కి పోయి వత్తి ముందే ఎండుతుంది. చక్రంలో ఒక సగం ఎప్పుడూ ముందే మందగిస్తుంటే కారణం గాలి కాకపోవచ్చు, ఇదే కావచ్చు. ఒక చెంచా నీళ్లు వేసి చూస్తే వాలు ఎటో తెలుస్తుంది. ప్రతి ప్రమిద కింద చారెడు ఇసుక పోసి, దాని మీద ప్రమిదను నొక్కి కూర్చోబెడితే మట్టం సరిపోతుంది. ఇసుక కుప్పలు ముగ్గులో అందంగా కూడా కలిసిపోతాయి.

పోయడం, వెలిగించడం

ముగ్గు గీతలు, రంగులు వేశాకే ప్రమిదలు పెట్టండి. రంగుల విషయంలో ఒక మాట. దీపం వెలుగు పసుపు, నారింజ వైపు ఉంటుంది, అందులో నీలం బాగా తక్కువ. పగలు కళకళలాడిన నీలం, వంగపండు రంగులు రాత్రి నల్లగా కనిపిస్తాయి. తెలుపు, పసుపు, ఎరుపు నిలబడతాయి. దీపం కింద ముగ్గుపిండి తెల్లగా పరిస్తే అది వెలుగును వెనక్కి కొడుతుంది, అదే నూనెతో వలయం ఇంకాస్త ప్రకాశంగా కనిపిస్తుంది. రంపపు పొట్టుకు రంగు వేసి అమ్మే పొడులు దీపాల దగ్గర వాడొద్దు, నిప్పు అంటుకుంటాయి. బంతిరేకులు కూడా మంటకు బెత్తెడు దూరంలో ఉండాలి.

లోపలి నుంచి బయటికి పని చేయాలి. ముందు నడిమి ప్రమిద పెట్టి, నూనె పోసి, వత్తి సర్ది, తర్వాత మొదటి వలయం, ఆ తర్వాత రెండోది. కొలత మూతతోనే, ఒక్కోదానికి ఒక్కసారి. అన్నీ పోశాక ఒకసారి చుట్టూ తిరిగి అంచుకు ఎంత ఖాళీ ఉందో చూడండి. ఎక్కడైనా మట్టం దిగి ఉంటే ఆ ప్రమిద నూనె తాగిందన్నమాట, అప్పుడే ఒక చెంచా పోయాలి.

వెలిగించేటప్పుడు కూడా నడిమి దీపమే ముందు. బయటి వలయం ముందే వెలిగిస్తే లోపలికి వంగినప్పుడు చీర కొంగు, చున్నీ మంటల మీదికి వస్తాయి. పైట బొడ్లో దోపుకోండి, జుట్టు ముడి వేసుకోండి. ఏకహారతితో గానీ పొడవాటి అగరొత్తితో గానీ అంటించండి. వత్తి కొసకు కాస్త కర్పూరం పొడి రాస్తే తాకగానే అందుకుంటుంది. 37 దీపాలకు ఒకరికి ఆరేడు నిమిషాలు చాలు, మొదటిదానికీ చివరిదానికీ వెలుగులో తేడా రాదు. 9 చుక్కలు 5 వరకు పెట్టి 61 దీపాలు చేస్తే ఇద్దరు చెరో సగం తీసుకోండి. పక్కన ఒక బకెట్టులో ఇసుక ఉంచుకోండి. నూనె మంట మీద నీళ్లు పోయకూడదు, ఇసుక వేయాలి, లేదా పళ్లెం బోర్లించాలి.

సమంగా ఉందో లేదో ఎలా తెలుస్తుంది

వెలిగించి పావుగంట ఆగండి. మొదట్లో మంటలన్నీ పొడవుగా ఎగురుతాయి, అప్పుడు సరిచేయడం మొదలుపెడితే అనవసరంగా వత్తులు కదిలిపోతాయి. పావుగంట తర్వాత పది అడుగులు వెనక్కి వెళ్లి కళ్లు సగం మూసి చూడండి. ఒక్కో దీపం కనబడటం మానేసి వెలుగు ఒక పరుపులా కనిపిస్తుంది. ఆ పరుపులో మచ్చలు ఎక్కడున్నాయో చూసుకోండి. నల్లమచ్చ ఉంటే అక్కడి వత్తి కొస లోపలికి జారిపోయి ఉంటుంది, ఈనెపుల్లతో కొద్దిగా బయటికి లాగాలి. మరీ తెల్లగా మెరిసే చోట కొస పొడవై ఉంటుంది, పుల్లతో లోపలికి నెట్టాలి. కొస మీద మిరియపుగింజలా నల్లగా గట్టిపడితే అది కొడి. పుల్లతో తట్టి దులిపితే మంట మళ్లీ నిలబడుతుంది. ఒక దీపం ఒకసారి దులిపినా మళ్లీ మళ్లీ కొడి కడుతుంటే ఆ నూనెలో నీళ్ల చుక్క ఉండి ఉండాలి, లేదా వత్తిలో దుమ్ము ఉండాలి. దాన్ని ఆర్పి వత్తి మార్చడమే మేలు.

ఒకే దిక్కున ఉన్న దీపాలన్నీ ఒకే వైపుకు వంగి మండుతుంటే గాలి. వత్తులతో ఏమీ చేయలేరు. గాలి వచ్చే పక్క ఒక పీట నిలబెట్టండి, లేదా చాప అడ్డం కట్టండి, మంటకు మీటరు దూరంలో. గాలికి వంగిన మంట నూనె ఎక్కువ తాగుతుంది కాబట్టి, గాలి ఎటునుంచి వస్తుందో ముందే తెలిసిన ఇళ్లలో ఆ పక్క దీపాలకు 15కి బదులు 17, 18 పోయడం నాకు అలవాటు.

మధ్యలో నూనె పోయాల్సిన అవసరం రాకుండా చూసుకోవడమే మంచిది. లోపలి వలయాలకు చేయి అందాలంటే వెలిగే దీపాల మీదుగా వంగాలి. బయటి వలయానికైతే మంటకు ఎదురు అంచు నుంచి చెంచాతో నెమ్మదిగా పోయొచ్చు, డబ్బాతో ఎప్పుడూ వద్దు.

ఇదే లెక్కతో వరుసలు, స్వస్తిక

ప్రహరీ గోడ మీద వరుస అయితే ఇంకా తేలిక, ఒక్క పొరపాటు చేయకుండా ఉంటే. 4 మీటర్ల గోడను 20 సెంటీమీటర్ల చొప్పున విడదీస్తే 20 ఎడాలు వస్తాయి, దీపాలు మాత్రం 21 కావాలి. రెండు కొసల్లో రెండు దీపాలు ముందు పెట్టండి, తర్వాత సరిగ్గా మధ్యలో ఒకటి, తర్వాత ఒక్కో సగానికి మధ్యలో ఒకటి, మిగిలిన ఒక్కో ఖాళీలో పుల్ల కొలతతో నాలుగేసి పెట్టండి. ఒక కొస నుంచి మొదలుపెట్టి పేర్చుకుంటూ పోతే, ఒక్కోచోట అర సెంటీమీటరు తేడా వచ్చినా చివరికి బెత్తెడు గండి మిగులుతుంది. గోడ మలుపు తిరిగే చోట మూల మీద ఒకటే దీపం ఉండాలి. రెండు గోడల లెక్క విడివిడిగా వేసుకుంటే అక్కడ రెండు పడతాయి, ఆ మూల ఒక్కటే ఎక్కువగా మండుతున్నట్టు కనిపిస్తుంది. వరుసలో మూతులన్నీ వీధి వైపే. గోడ ఎత్తులో గాలి ఎక్కువ, అక్కడ 15తో రెండు గంటలు రావు, గంటన్నరకు సిద్ధపడండి.

స్వస్తికకు ఎదురు చుక్కలే కావాలి, ఎందుకంటే దాని గీతలన్నీ నిలువు, అడ్డం, ఏటవాలు ఒక్కటీ లేదు. 5 చుక్కలు 5 వరుసలు పెట్టి, నడుమ నిలువు వరుస 5, నడుమ అడ్డ వరుస 5, కేంద్రం రెండింటికీ ఒకటే కాబట్టి 9. ప్రతి కొస నుంచి కుడిచేతి వైపు తిరుగుతూ రెండేసి, అంటే ఇంకో 8. మొత్తం 17 దీపాలు, 255 మిల్లీలీటర్ల నూనె. ఇక్కడ మూతులు బయటికి అనే మాట కుదరదు, గీత మలుపు తిరిగే చోట ఎడం చెడుతుంది. అన్ని మూతులూ ఒకే దిక్కుకు, ఇంటి గుమ్మం ఎదురుగా నిలబడి చూస్తే మన వైపుకు ఉండేలా పెడితే ఆకారం యథాతథంగా ఒక బెత్తెడులో సగం ముందుకు జరుగుతుంది, అంతే. లేదా ఈ ముగ్గు వరకు అన్నింట్లో పువ్వొత్తులు వేయండి.

రెండు గంటలు అయ్యేసరికి మంటలు దిగడం మొదలవుతుంది. అప్పుడు మళ్లీ పది అడుగులు వెనక్కి వెళ్లి చూడండి. అన్నీ కలిసి ఒకేలా దిగుతుంటే లెక్క కుదిరినట్టు. ముందే దిగినవి ఉంటే అవి ఏ వలయంలో, ఏ పక్కన ఉన్నాయో ముగ్గు పుస్తకంలో ఆ 37 చుక్కల బొమ్మ మీద పెన్సిలుతో గుర్తు పెట్టుకోండి. మా పుస్తకంలో ఆ పేజీ నిండా అలాంటి గుర్తులే, గేటు వైపు మూలన ఉన్న రెండు చుక్కల చుట్టూ మరీను. ఆ రెండింటికీ ఇప్పుడు ఇసుక కాస్త ఎక్కువ, నూనె ఒక చెంచా ఎక్కువ.